కడ్డీ, డిస్క్ జడత్వ భ్రామకం: సమాంతరాక్ష, లంబాక్ష సిద్ధాంతాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, కందుకూరు, ఒంగోలు వైపు ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంటాను. భ్రమణ చలనం పాఠం దగ్గరికి వచ్చేసరికి ఏటా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. రెండు సూత్రాలూ అందరికీ కంఠస్థం వచ్చు. ఏ అక్షం నుంచి మొదలుపెట్టాలి, ఏ వస్తువుకు ఏది వాడకూడదు అనే దగ్గరే లెక్క తప్పుతుంది. అందుకే ఇక్కడ కడ్డీ, డిస్క్ ఈ రెండింటినే తీసుకుని ఆ షరతుల సంగతి నిదానంగా చెబుతున్నాను.

ఒకే వస్తువుకు ఇన్ని జడత్వ భ్రామకాలు ఎందుకుంటాయి సార్?

జడత్వ భ్రామకం వస్తువు ఒక్కదానిదే కాదు, వస్తువూ అక్షమూ కలిసిన జంటది. వస్తువులోని ప్రతి చిన్న ముక్క ద్రవ్యరాశిని, అక్షం నుంచి దానికున్న లంబ దూరం వర్గంతో గుణించి, అన్నీ కూడితే వచ్చేదే I. అక్షం మారితే దూరాలు మారతాయి, కాబట్టి I కూడా మారుతుంది. అక్షాలు లెక్కలేనన్ని గీయొచ్చు. ప్రతిదానికీ మళ్లీ సమాకలనం చేస్తూ కూర్చోలేం. ఒకటి రెండు అక్షాలకు విలువ తెలిస్తే మిగతావి కూడికతో తెచ్చుకోవడానికే ఈ రెండు సిద్ధాంతాలు.

మనం గుర్తుపెట్టుకోవాల్సినవి కూడా రెండే. సన్నని కడ్డీకి మధ్యలో, పొడవుకు లంబంగా ఉన్న అక్షం మీద ML²/12. పల్చని డిస్క్‌కు కేంద్రం గుండా, తలానికి లంబంగా ఉన్న అక్షం మీద MR²/2. ఈ పేజీలో మిగతా విలువలన్నీ ఈ రెండింటి నుంచే వస్తాయి.

సమాంతరాక్ష సిద్ధాంతంలో ద్రవ్యరాశి కేంద్రం నుంచే ఎందుకు మొదలుపెట్టాలి?

సూత్రం I = Ic + Md². ఇందులో Ic అంటే ద్రవ్యరాశి కేంద్రం గుండా పోయే అక్షం మీద విలువ. d అంటే దానికి సమాంతరంగా ఉన్న కొత్త అక్షానికీ దానికీ మధ్య లంబ దూరం. ఆ చిన్న c ని పిల్లలు అలంకారంగా చూసి వదిలేస్తారు. సూత్రం ప్రాణం మొత్తం అందులోనే ఉంది.

కడ్డీనే తీసుకోండి. మధ్య బిందువు నుంచి ఒక ముక్క x దూరంలో ఉందనుకుందాం. అక్షాన్ని d దూరం జరిపితే ఆ ముక్క దూరం (x + d) అవుతుంది. దాన్ని వర్గం చేసి అన్ని ముక్కలకూ కూడితే మూడు భాగాలు వస్తాయి:

Σm(x + d)² = Σmx² + 2dΣmx + Md²

మొదటిది Ic. మూడోది Md². మధ్యలో ఉన్న 2dΣmx సంగతే చూడాలి. x ని ద్రవ్యరాశి కేంద్రం నుంచి కొలిస్తే Σmx సున్నా అవుతుంది, ఎందుకంటే ద్రవ్యరాశి కేంద్రానికి నిర్వచనమే అది. ఎడమ పక్క ముక్కల రుణాత్మక విలువలు కుడి పక్క ధనాత్మక విలువలను కొట్టేస్తాయి. వేరే బిందువు నుంచి కొలిస్తే ఈ మధ్య పదం పోదు. అది పోకుండానే పోయిందనుకుని లెక్క చేస్తే జవాబు తప్పుతుంది.

కడ్డీ చివర ML²/3 అని తెలుసు కదా. అక్కడి నుంచి L/4 లోపలికి జరిగితే M(L/4)² కలిపేయొచ్చా?

కుదరదు. పరీక్ష పేపర్లలో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే, అందుకే విలువలతో సహా చూపిస్తాను.

తప్పు దారిలో వెళ్తే ML²/3 + ML²/16, అంటే 19ML²/48 వస్తుంది. ఇప్పుడు ఒక్క క్షణం ఆలోచించండి. చివరి నుంచి లోపలికి జరిగాం, అంటే ద్రవ్యరాశి కేంద్రానికి దగ్గరయ్యాం. విలువ తగ్గాలి. కానీ 16/48 ఉన్నది 19/48 అయింది. సూత్రం చూడకుండానే ఇది తప్పని చెప్పేయొచ్చు.

సరైన దారిలో ముందు ద్రవ్యరాశి కేంద్రానికి రావాలి, అక్కడి నుంచి కొత్త అక్షానికి వెళ్లాలి. చివరి నుంచి L/4 లోపల ఉన్న బిందువు, మధ్య నుంచి కూడా L/4 దూరంలోనే ఉంటుంది. కాబట్టి

I = ML²/12 + ML²/16 = 7ML²/48

చివరి విలువ ఒక్కటే ఇచ్చి, కేంద్రం దగ్గరి విలువ ఇవ్వకపోయినా ఇబ్బంది లేదు. ML²/3 లోంచి M(L/2)² తీసేస్తే ML²/12 వచ్చేస్తుంది. కేంద్రం వైపు వస్తే తీసివేత, కేంద్రం నుంచి బయటికి పోతే కూడిక. కేంద్రాన్ని తాకకుండా అడ్డదారిలో పోయే వీలు మాత్రం లేదు.

7/48 అని కాగితం మీద సరే. నిజంగా చూసే మార్గం ఉందా?

ఉంది, దీనికి పెద్ద ల్యాబ్ కూడా అక్కర్లేదు. ఒక మీటరు చెక్క స్కేలు, ఒక సన్నని మేకు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. స్కేలు మీద 25 సెం.మీ. గీత దగ్గర, వెడల్పుకు సరిగ్గా మధ్యలో చిన్న రంధ్రం పెట్టండి. మేకును గోడకు కొట్టి స్కేలును దానికి తగిలించి, కొద్దిగా పక్కకు లాగి వదలండి. రంధ్రం మేకు కన్నా కాస్త వదులుగా ఉండాలి. స్కేలు గోడకు రాసుకోకూడదు.

ఇలా ఊగే వస్తువు డోలనకాలం T = 2π√(I/Mgd). ఇక్కడ d అంటే మేకు నుంచి ద్రవ్యరాశి కేంద్రానికి ఉన్న దూరం, అంటే 0.25 మీటరు. I లోనూ కింద హారంలోనూ M ఉంది కాబట్టి అది పోతుంది. స్కేలును తూచాల్సిన పని కూడా లేదు.

7ML²/48 పెడితే T విలువ 1.53 సెకన్లు వస్తుంది. 20 డోలనాలకు సుమారు 30.7 సెకన్లు. తప్పు విలువ 19ML²/48 పెడితే ఒక్క డోలనానికి 2.53 సెకన్లు, 20 డోలనాలకు 50 సెకన్లు దాటాలి. రెండింటికీ మధ్య దాదాపు 20 సెకన్ల తేడా ఉంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో అర సెకను అటూ ఇటూ అయినా ఏది నిజమో సందేహం మిగలదు.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఊపు చిన్నగా, నిలువు నుంచి పది డిగ్రీల లోపే ఉండాలి, ఎందుకంటే పై సూత్రం చిన్న కోణాలకే. అటు చివర నుంచి ఇటు చివరకు వెళ్లి తిరిగి బయల్దేరిన చోటికి వస్తేనే ఒక డోలనం. ఒకవైపు పోవడాన్నే ఒకటిగా లెక్కపెట్టి, సగం సమయమే వచ్చిందని టెన్షన్ పడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

స్కేలుకు వెడల్పు ఉంది కదా, అది సన్నని కడ్డీ ఎలా అవుతుందని కూడా అడుగుతారు. మంచి ప్రశ్న. వెడల్పు b అయితే కేంద్రం దగ్గరి విలువ M(L² + b²)/12 అవుతుంది. b ని 3 సెం.మీ. అనుకుంటే, L² ఒకటి అయినప్పుడు b² విలువ 0.0009 మాత్రమే. మన స్టాప్‌వాచ్‌కు అది అందదు.

ఆసక్తి ఉంటే రంధ్రాన్ని చివర వైపు ఇంకొంచెం జరిపి చూడండి. మధ్య నుంచి 28.9 సెం.మీ. దూరంలో, అంటే L/√12 దగ్గర, డోలనకాలం అన్నిటికన్నా తక్కువ, సుమారు 1.525 సెకన్లు. అక్కడి నుంచి ఎటు జరిగినా పెరుగుతుంది. మధ్యకు బాగా దగ్గరైతే స్కేలు బద్ధకంగా ఊగుతుంది. సరిగ్గా మధ్యలో అయితే ఊగనే ఊగదు, ఎలా పెడితే అలా ఉండిపోతుంది. I కనిష్ఠం అయ్యే చోటు వేరు, T కనిష్ఠం అయ్యే చోటు వేరు. I ఎప్పుడూ ద్రవ్యరాశి కేంద్రం దగ్గరే కనిష్ఠం.

లంబాక్ష సిద్ధాంతానికి కూడా ద్రవ్యరాశి కేంద్రం కావాలా?

అక్కర్లేదు. రెండు సిద్ధాంతాల షరతులూ కలగాపులగం అయ్యేది ఇక్కడే.

సూత్రం Iz = Ix + Iy. x, y అక్షాలు రెండూ రేకు తలంలోనే ఉండాలి, ఒకదానికొకటి లంబంగా ఉండాలి. z అక్షం ఆ రెండూ కలిసే బిందువు గుండానే తలానికి లంబంగా పోవాలి. ఆ బిందువు రేకు మీద ఎక్కడైనా ఉండొచ్చు, రేకు బయట అదే తలంలో ఉన్నా ఫర్వాలేదు. కారణం చాలా సులువు. తలంలోని ఒక ముక్క z అక్షం నుంచి r దూరంలో ఉంటే r² = x² + y². అంతే, ఇందులో ద్రవ్యరాశి కేంద్రం ఊసే లేదు.

కానీ దీనికి ఇంకో కఠినమైన షరతు ఉంది. వస్తువు పల్చగా, ఒకే తలంలో పరుచుకుని ఉండాలి. సమాంతరాక్ష సిద్ధాంతం ఏ ఆకారానికైనా పనిచేస్తుంది, దానికి కేంద్రం కావాలి. లంబాక్ష సిద్ధాంతం ఏ బిందువు దగ్గరైనా పనిచేస్తుంది, దానికి పల్చని వస్తువు కావాలి.

డిస్క్ వ్యాసం మీద MR²/4 ఎలా వచ్చింది?

కేంద్రం గుండా ఒకదానికొకటి లంబంగా రెండు వ్యాసాలు గీయండి. డిస్క్ గుండ్రం కాబట్టి ఏ వ్యాసమైనా ఒకటే, Ix = Iy. వాటి మొత్తం MR²/2 కావాలి, కాబట్టి ఒక్కోటి MR²/4.

అలాగైతే అంచు దగ్గర 3MR²/2 ని సగం చేస్తే స్పర్శరేఖ మీద విలువ రావాలి కదా? 5MR²/4 అంటారేంటి?

దీనికి మా వైపు కనిపించే రాయితోనే జవాబు చెబుతాను. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ తెలియనివారు ఇక్కడ ఉండరు. ఆ రాయితో కోసిన ఒక గుండ్రటి టేబుల్ పలక ఊహించుకోండి. వ్యాసార్ధం 45 సెం.మీ., మందం 2 సెం.మీ. ఘనపు మీటరుకు 3000 కిలోల సాంద్రత అనుకుంటే బరువు సుమారు 38 కిలోలు. దాన్ని లారీ నుంచి దించి అంచు మీద నిలబెట్టారు. అంచు నేలను తాకే బిందువు గుండా ఇప్పుడు మూడు అక్షాలు గీయొచ్చు.

పలకను నేల మీద దొర్లించేటప్పుడు ప్రతి క్షణం అది తాకే బిందువు చుట్టూ తిరుగుతున్నట్టే. ఈ అక్షం పలక తలానికి లంబం. కేంద్రం నుంచి R దూరంలో ఉంది కాబట్టి MR²/2 + MR² = 3MR²/2.

దొర్లించడం ఆపి, నిలబెట్టినచోటే పలకను గిర్రున తిప్పి దిశ మార్చారు. ఇప్పుడు అక్షం నిలువుగా, తాకే బిందువు నుంచి కేంద్రం మీదుగా పైకి పోతుంది. అది వ్యాసమే కాబట్టి MR²/4.

మూడోది ఎవరూ కోరుకోనిది. పలక చేయి జారి, కింది అంచు నేలకు అలాగే ఆనుకుని ఉండగా వెల్లకిలా పడింది. దాని అక్షం నేల మీద, పలక తలంలోనే ఉన్న స్పర్శరేఖ. వ్యాసానికి ఇది సమాంతరం, దూరం R. కాబట్టి MR²/4 + MR² = 5MR²/4.

ఇందులో తలంలో ఉన్నవి రెండు, నిలువు వ్యాసం, అడ్డంగా స్పర్శరేఖ. రెండూ తాకే బిందువు దగ్గర లంబంగా కలుస్తాయి. కూడితే 1/4 + 5/4 = 6/4, అదే 3/2. లంబాక్ష సిద్ధాంతం అంచు దగ్గర కూడా చక్కగా పనిచేసింది. పనిచేయనిది మన సగం చేయడమే. కేంద్రం దగ్గర రెండు అక్షాలకూ డిస్క్ ఒకేలా కనిపిస్తుంది కాబట్టి అక్కడ సగం చేయగలిగాం. అంచు దగ్గర ఆ సౌష్ఠవం లేదు. ఒక అక్షానికి రెండు పక్కలా సమానంగా రాయి ఉంది, ఇంకోదానికి రాయంతా ఒక్క పక్కే ఉంది. సిద్ధాంతం మొత్తం మాత్రమే చెబుతుంది, రెండూ సమానమని ఎప్పుడూ చెప్పదు.

ఆ పలక పడినప్పుడు పై అంచు ఎంత వేగంతో నేలను తాకుతుంది?

ఇక్కడ 5/4 విలువ నిజంగా పనికొస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ద్రవ్యరాశి కేంద్రం R ఎత్తులో ఉంది, పడ్డాక నేల మీదికి వస్తుంది. కోల్పోయిన స్థితిశక్తి MgR. కింది అంచు జారకుండా ఉంటే అదంతా భ్రమణ గతిశక్తి అవుతుంది:

MgR = ½ × (5/4)MR² × ω²

దీని నుంచి ω² = 8g/5R. పై అంచు అక్షం నుంచి 2R దూరంలో ఉంది కాబట్టి దాని వేగం 2Rω = 2√(8gR/5). R = 0.45 మీ. పెడితే సెకనుకు సుమారు 5.3 మీటర్లు, అంటే గంటకు 19 కిలోమీటర్లు.

దీన్ని ఇంకోదానితో పోల్చండి. అదే 90 సెం.మీ. ఎత్తు నుంచి ఒక గులకరాయిని వదిలితే నేలను తాకేటప్పటి వేగం √(2 × 9.8 × 0.9), అంటే సెకనుకు 4.2 మీటర్లే. వదిలిన రాయి కన్నా ఒరిగిపడే పలక పై అంచే వేగంగా వస్తుంది. పలకలోని మిగతా భాగమంతా కలిసి ఆ అంచును కిందికి లాగుతుంది. పైగా ఆ క్షణానికి పలకలో ఉన్న శక్తి MgR, సుమారు 168 జౌళ్లు. నిలబెట్టిన పలక ముందు కాళ్లు పెట్టి నిలబడొద్దని రాతి పని చేసేవాళ్లు కేకలేసేది ఊరికే కాదు.

పలకకు 2 సెం.మీ. మందం ఉంది కదా. దానికి లంబాక్ష సిద్ధాంతం వాడొచ్చా?

ఎంత తప్పు వస్తుందో చూసి నిర్ణయించుకోవాలి. మందం h ఉన్న డిస్క్‌కు వ్యాసం మీద అసలు విలువ MR²/4 + Mh²/12. గ్రానైట్ పలకకు సెంటీమీటర్లలో R²/4 అంటే 506, h²/12 అంటే 0.33. తేడా వెయ్యిలో ఒక వంతు కూడా లేదు. నిశ్చింతగా పల్చని డిస్క్ అనుకోవచ్చు.

ఇప్పుడు తిరగలి రాయి లాంటిది తీసుకోండి. వ్యాసార్ధం 20 సెం.మీ., మందం 10 సెం.మీ. అనుకుందాం. R²/4 = 100, h²/12 = 8.3. పల్చని డిస్క్ సూత్రం వాడితే వచ్చే విలువ అసలు దానికన్నా దాదాపు 8 శాతం తక్కువ. ఇక్కడ లంబాక్ష సిద్ధాంతం వాడకూడదు. మందం వల్ల ముక్కలు తలం నుంచి పైకీ కిందికీ z దూరం వెళ్లాయి. x, y అక్షాల నుంచి దూరాల్లో ఆ z చేరుతుంది, z అక్షం నుంచి దూరంలో చేరదు. అందుకే మందమున్న వస్తువుకు Ix + Iy ఎప్పుడూ Iz కన్నా ఎక్కువే, ఆ ఎక్కువ సరిగ్గా 2Σmz². అయితే MR²/2 మాత్రం మందంతో మారదు, తిరగలికైనా అదే.

కడ్డీకి లంబాక్ష సిద్ధాంతం పనిచేస్తుందా?

పనిచేస్తుంది, కానీ కొత్తగా ఏమీ ఇవ్వదు. కడ్డీ x అక్షం వెంట ఉంటే Ix సున్నా. కాబట్టి Iz = Iy, రెండూ ML²/12.

కడ్డీకి డిస్క్ తగిలించిన లోలకం లెక్కలో d ఎంత తీసుకోవాలి?

విలువలతో చేద్దాం. కడ్డీ 60 సెం.మీ., 200 గ్రాములు. దాని కింది కొసకు 10 సెం.మీ. వ్యాసార్ధం, 500 గ్రాములున్న డిస్క్‌ను అంచు దగ్గర అతికించారు. పై కొస చుట్టూ, డిస్క్ తలంలోనే, లోలకం ఊగుతుంది.

కడ్డీ వంతు ML²/3, అంటే 0.2 × 0.36/3 = 0.024 కి.గ్రా.మీ². డిస్క్ అక్షం తలానికి లంబం కాబట్టి Ic = MR²/2 = 0.0025. దూరం దగ్గరే తడబాటు. డిస్క్ కొసకు అతికింది కదా అని 60 సెం.మీ. వేస్తారు. d ఎప్పుడూ ద్రవ్యరాశి కేంద్రం వరకు, అంటే 60 + 10 = 70 సెం.మీ. అప్పుడు Md² = 0.5 × 0.49 = 0.245. మొత్తం 0.2715. 60 వేసి ఉంటే 0.2065 వచ్చేది, దాదాపు పావు వంతు తగ్గిపోయేది.

డిస్క్ సొంత విలువ 0.0025 మొత్తంలో ఒక శాతం లోపే. దాన్ని మర్చిపోతే జవాబు కొద్దిగా తప్పుతుంది, d తప్పు వేస్తే లెక్క మొత్తం పోతుంది. డిస్క్‌ను 90 డిగ్రీలు తిప్పి, దాని తలం అక్షానికి సమాంతరంగా ఉండేలా అతికిస్తే MR²/2 బదులు MR²/4 వేయాలి. మొత్తం 0.27025 అవుతుంది.

డిస్క్‌ను అతికించకుండా బేరింగ్ మీద వదులుగా తగిలిస్తే?

పై లోలకంలోనే, కేంద్రం అదే 70 సెం.మీ. దగ్గర ఉండేలా డిస్క్‌ను ఒక బేరింగ్ మీద పెట్టామనుకుందాం. బేరింగ్‌లో రాపిడి లేదనుకుంటే కడ్డీ ఊగినా డిస్క్ తన చుట్టూ తాను తిరగదు. దాని మీద గీత గీసి చూస్తే ఊపు పొడవునా ఆ గీత ఒకే దిశలో ఉంటుంది. అప్పుడు MR²/2 లెక్కలోకి రాదు, Md² ఒక్కటే వస్తుంది, మొత్తం 0.269. అతికించినప్పుడు డోలనకాలం 1.633 సెకన్లు, ఇలా అయితే 1.626. సమాంతరాక్ష సూత్రంలోని రెండు పదాల అర్థం ఇక్కడ విడివిడిగా కనబడుతుంది. Md² అనేది ద్రవ్యరాశి కేంద్రం అక్షం చుట్టూ ప్రయాణించడం వల్ల, Ic అనేది ఆ ప్రయాణంలో వస్తువు తన చుట్టూ తాను కూడా తిరగడం వల్ల. అతికించిన వస్తువు ఈ రెండూ ఒకే కోణీయ వేగంతో చేస్తుంది కాబట్టే రెండింటినీ కూడి ఒకే I గా రాయగలుగుతున్నాం.